తీగ లావు తెలిసిన చేతులు

తెనాలిలో మా పెద్దమ్మగారింట్లో ఇన్వర్టర్ పెట్టించిన నాటి నుంచీ ఒకటే గోల. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్, మిక్సీ నడుస్తూ ఉండగా గ్రైండర్ స్విచ్ వేస్తే చాలు, ఇన్వర్టర్ కుయ్యిమని అరిచి ఆగిపోయేది. బ్యాటరీ అయిపోయిందని ఎర్ర లైటు చూపేది. అమర్చిన వాళ్లు వచ్చి బ్యాటరీలు చెడ్డాయన్నారు. 150 ఏ.హెచ్. ట్యూబులర్ బ్యాటరీలు రెండూ కొత్తవి కొనిపించారు. నెల తిరక్కుండా మళ్లీ అదే అరుపు.

అప్పుడు తీసుకొచ్చాను మా మేస్త్రిగారిని. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ బ్యాటరీ గదిలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఆయన బ్యాటరీల వంక చూడలేదు. మెట్ల కింది బ్యాటరీ నుంచి గోడ మీది ఇన్వర్టర్ దాకా పోయిన తీగను చేత్తో తడుముకుంటూ నడిచారు. మూడు మీటర్ల దూరం, 16 స్క్వేర్ ఎం.ఎం. తీగ. లోడు పెట్టించి మల్టీమీటర్‌తో బ్యాటరీ కొమ్ముల మీద చూస్తే 11.7 వోల్టులు. అదే క్షణంలో ఇన్వర్టర్ కొమ్ముల మీద 11.1. “జబ్బు బ్యాటరీది కాదమ్మా, దారిది. ఆరు దశాంశాలు దారిలోనే తినేస్తోంది” అన్నారు పెద్దమ్మతో. రెండు చోట్ల ముల్లు పెట్టి చూడడమే ఆయన చేసింది. ఆ చిన్న పని చేయకే కదా, వేలు పోసి కొత్త బ్యాటరీలు కొనిపించారు!

ఆ ఆరు దశాంశాలు ఎక్కడికి పోయాయో లెక్క చూడండి. లోడు సుమారు 1,000 వాట్లు. ఇన్వర్టర్ తన వంతు తిన్నది కలిపితే బ్యాటరీ ఇవ్వాల్సింది 1,100 వాట్ల పైమాటే. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 93 ఆంపియర్లు. తీగ పోవడానికి మూడు, రావడానికి మూడు, మొత్తం ఆరు మీటర్లు. ఈ రాకపోకల లెక్క మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఒక స్క్వేర్ ఎం.ఎం. రాగి తీగకు మీటరుకు 0.0172 ఓమ్‌ల నిరోధం. ఆరు మీటర్లకు గుణించి, 16తో భాగించి, 93తో గుణిస్తే వచ్చేది 0.6 వోల్టు. మీటరు చూపింది అదే. తీగలో వేడిగా పోయేది 56 వాట్లు. ఇక గ్రైండర్ మోటారు లేచే క్షణంలో కరెంటు 200 ఆంపియర్లకు ఎగబాకితే దారిలో పోయేది 1.3 వోల్టు. బ్యాటరీ కూడా కాస్త దిగుతుంది. ఇన్వర్టర్ చేతికి 10.5 కన్నా తక్కువ అందగానే అది ఆగిపోతుంది. దాని తప్పేముంది?

మేస్త్రిగారు కొత్త తీగ తెమ్మనలేదు. పక్కపక్కన సమాంతరంగా కట్టిన ఆ రెండు బ్యాటరీలనూ సిరీస్‌లో కలిపారు. ఇన్వర్టర్‌ను 24 వోల్టులదానికి మార్పించారు. దాచిన శక్తి అంతే, తీగ అదే, లోడు అదే. కరెంటు 46 ఆంపియర్లకు దిగింది. దారిలో పోయేది 0.3 వోల్టు, అదీ 24లో. అంతకుముందు నూటికి ఐదు పోయేది, ఇప్పుడు ఒకటింబావు. తీగలో వేడి 56 వాట్ల నుంచి 14కి పడిపోయింది. ఆ సాయంత్రం గ్రైండర్, మిక్సీ, ఫ్రిజ్ కలిసి తిరుగుతుంటే మా పెద్దమ్మ మొహం చూడాల్సింది.

ఈ విద్య గుట్టంతా ఇక్కడే ఉంది. వోల్టేజీ రెట్టింపైతే కరెంటు సగమవుతుంది. అంతటితో ఆగదు. ఆ సగం కరెంటు పోగొట్టే వోల్టులు కూడా రెట్టింపు వోల్టేజీ ముందు సగమే లెక్క. అందుకే కావలసిన రాగి సగం కాదు, నాలుగో వంతు. నూటికి రెండుకు మించి పోకూడదని గీత గీసుకుంటే, ఇదే ఇంట్లో 12 వోల్టులకు 40 స్క్వేర్ ఎం.ఎం. కావాలి. బజారులో ఆ సైజు ఉండదు కాబట్టి 50 కొనాలి. 24కు 10 సరిపోతుంది. 48కి లెక్క రెండున్నర అంటుంది. కానీ ఇక్కడ పనితనం లేనివాడు బోల్తా పడతాడు. వోల్టు నష్టానికి రెండున్నర చాలినా, 23 ఆంపియర్లు గంటల తరబడి పైపులో పోతుంటే ఆ తీగ వేడెక్కుతుంది. మోటారు లేచే దెబ్బ అదనం. మా మేస్త్రిగారైతే అక్కడ 6కు తక్కువ లాగరు. 12 దగ్గర తీగ లావును నిర్ణయించేది నష్టం, 48 దగ్గర వేడి.

48 అంకె ఎలా పుట్టిందో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఎక్స్‌ఛేంజీలలో మాత్రం రెండు వోల్టుల సెల్లులు 24 వరుసగా కట్టి 48 చేసేవారు. కార్లది 12, లారీలది 24. మన ఇళ్లకు 12 వచ్చింది ఆ కారు బ్యాటరీ చలవే.

ఆ బ్యాటరీ గదుల పని గురించి మేస్త్రిగారు చెబుతుంటే గంటలు తెలియవు. ఆయన లగ్గు నొక్కడం నేను కళ్లారా చూశాను. తీగ కొసను లగ్గు లోతుకు సరిగ్గా కొలిచి ఒలుస్తారు, ఒక్క పోగు తెగదు. హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కాక, అలా నొక్కిన ఒక లగ్గును రంపంతో అడ్డంగా కోసి చూపించారు. లోపల పోగులు విడివిడిగా కనబడలేదు. తేనెపట్టు గళ్లలా ఒకదానికొకటి ఒరుసుకుని ఒక్క ముద్ద రాగిగా ఉంది! సుత్తితో బాదిన లగ్గులో గాలి సందులుంటాయి, అక్కడ నిరోధం చేరుతుంది. అది ఓమ్‌లో వెయ్యో వంతే అయినా 93 ఆంపియర్ల దగ్గర ఆ ఒక్క అతుకులో 8 వాట్ల పైన వేడి పుడుతుంది. 46 దగ్గర 2, 23 దగ్గర అర వాటు. 12 వోల్టుల పనికి ఇంతటి చేయి కావాలి. అదే చేయి లేనివాళ్లు ఎక్కువగా కట్టేది 12 వోల్టులే.

నా పక్షం నేను దాచుకోను. నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు నడిచే ఇంటికి 12 చాలు. వెయ్యి వాట్ల దాకా 24. పైన సోలార్ పలకలు, కింద నీళ్ల మోటారు పెట్టుకునే ఇంటికి 48కి తక్కువ కట్టడం రాగిని నేలపాలు చేయడమే. 48కీ తనదైన కష్టముంది. వరుసలోని నాలుగు బ్యాటరీలలో ఒకటి బలహీనపడితే మిగతా మూడింటినీ లాగేస్తుంది. నెలకోసారి ఒక్కొక్కదాని వోల్టేజీ విడిగా చూసి రాసుకోవాలి. స్విచ్, ఫ్యూజు డి.సి.కి చేసినవే ఉండాలి, ఇంటి ఎ.సి. స్విచ్ ఆ నిప్పురవ్వను తుంచలేదు. ఫ్యూజు తీగ ఓర్పుకు తగినదై, బ్యాటరీ పాజిటివ్ కొమ్ముకు ఆనుకునే ఉండాలి.

నా కడుపుమంట మాత్రం వేరొకటి. ఇప్పుడు బజార్లో రాగి పూత పూసిన అల్యూమినియం తీగను రాగి అని అమ్ముతున్నారు. పైకి అదే ఎరుపు, అదే లావు. కరెంటు మోయడంలో రాగిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. పైన 16 అని అచ్చు వేసి లోపల పోగులు ఎగ్గొట్టేవాళ్లు ఇంకొందరు. లెక్క తప్పకుండా వేసుకుని, నమ్మి తీగ కొన్న ఇంటాయన్ని నిలువునా ముంచడం ఇది. ఆ తీగ వేడెక్కి ఒకనాడు అంటుకుంటే తప్పు ఇన్వర్టర్ మీదకో, బ్యాటరీ మీదకో పోతుంది. అమ్మినవాడు హాయిగా ఉంటాడు. మేస్త్రిగారిలాంటి చేతులు ఊరికొకటి కూడా మిగలని ఈ రోజుల్లో ఇది పట్టుకునేదెవరు?

మీరే పట్టుకోండి. తీగ కొనేముందు కొసన అంగుళం కోయించండి. ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపలికంటా ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే వెనక్కిచ్చేయండి. ఆపైన కూర్చుని పోగులు లెక్కపెట్టండి. 0.4 ఎం.ఎం. పోగుల 16 స్క్వేర్ ఎం.ఎం. తీగలో 126 ఉండాలి.