పని లేని బాణం

పర్ట్ పటంలో నాకు అన్నిటికన్నా నచ్చేది చుక్కల గీతతో గీసే డమ్మీ బాణం. దానికి పని లేదు, పట్టే రోజులు సున్నా. అయినా అది లేకపోతే పటం అబద్ధం చెబుతుంది. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనుల కోసం రూపొందించిన ఈ పద్ధతిలో ఎంత నేర్పు ఉందో ఒక చిన్న ఇంటి స్లాబు పనితో చూడవచ్చు.

గోడలు లేచాయి. ఇక సెంట్రింగ్‌కు 6 రోజులు, ఇనుము కోసి వంచి సిద్ధం చేయడానికి 4 రోజులు. ఈ రెండూ అయ్యాకే పైన ఇనుము కట్టేది, దానికి 3 రోజులు. ఫ్యాన్ బాక్సులు బిగించడం ఒక్క రోజు పని, దానికి సెంట్రింగ్ అయితే చాలు. ఇనుము కట్టడం, బాక్సులు రెండూ ముగిశాక స్లాబు పోయడం 1 రోజు, తడుపుతూ సెంట్రింగ్ విప్పేదాకా 14 రోజులు. మరోవైపు కలప కొనడం 3, వడ్రంగి తలుపులు చేయడం 15. చివరికి తలుపులు బిగించడం 2.

పటంలో బాణం అంటే పని, వలయం అంటే ఒక దశ ముగిసిన క్షణం. సెంట్రింగ్ 1 నుంచి 2కు, ఇనుము సిద్ధం చేయడం 1 నుంచి 3కు వెళతాయి. ఇనుము కట్టడం 3 దగ్గర మొదలై 4కు చేరుతుంది, బాక్సుల బాణం 2 నుంచి 4కు. ఇప్పుడు ఇనుము కట్టడానికి సెంట్రింగ్ కూడా కావాలని ఎలా చెప్పాలి? 2, 3 వలయాలను ఒకటిగా కలిపేస్తే ఇనుము వంచేదాకా బాక్సులు కూడా ఆగాలని అర్థం వస్తుంది. అది నిజం కాదు. 2 నుంచి 3కు ఒక చుక్కల బాణం గీస్తే చిక్కు తీరిపోతుంది.

ముందుకు చదివేటప్పుడు ప్రతి వలయానికీ, దానిలోకి వచ్చే దారుల్లో ఆలస్యమైనదే లెక్క. 3లోకి ఇనుము 4వ రోజు ముగిసేసరికి వస్తుంది, డమ్మీ 6 తెస్తుంది. కాబట్టి 6. బాక్సులు 7కే అయినా ఇనుము కట్టడం 9కి గానీ కాదు, కనుక 4 దగ్గర 9. స్లాబు 10కి, సెంట్రింగ్ విప్పడం 24కు. తలుపులు 18కే సిద్ధం. బిగింపు 24న మొదలై 26తో ఇల్లు ముగుస్తుంది.

ఇక వెనక్కి నడవాలి. ఈసారి వలయం నుంచి బయటికి వెళ్ళే దారుల్లో తొందర పెట్టేదే లెక్క. బాక్సుల కోసమైతే సెంట్రింగ్ 8 దాకా ఆగవచ్చు, కానీ ఇనుము కట్టేవాళ్ళకు 6కే కావాలి. అందుకే 6. సెంట్రింగ్ నుంచి బిగింపు దాకా ఒక్క రోజు వెసులుబాటు లేని దారిలో పని లేని ఆ డమ్మీ కూడా ఒక మెట్టు.

తొందరగా చదివేవాళ్ళు సాధారణంగా ఇక్కడే తప్పుతారు. 2, 4 వలయాలు రెండింటికీ స్లాక్ సున్నా. అంతమాత్రాన వాటి మధ్య ఉన్న బాక్సుల పని కూడా ఇరుకులో ఉందనుకుంటే పొరపాటు. స్లాక్‌ను బాణానికి విడిగా కట్టాలి: చివరి వలయపు ఆఖరి గడువులోంచి మొదటి వలయపు తొలి సమయాన్నీ, పనికి పట్టే రోజులనూ తీసేయాలి. 9లో 6, 1 పోతే 2 మిగిలింది. బాక్సులు 6న మొదలుపెట్టవచ్చు, 8 దాకా ఆగినా ఫరవాలేదు.

కలప కొనడానికి స్లాక్ 6, తలుపులకూ 6. వీటిని కూడి 12 అనుకోకూడదు. రెండూ ఒకే దారిలో ఉన్నాయి, ఆ 6 ఉమ్మడి సొమ్ము. కలప 4 రోజులు ఆలస్యమైతే వడ్రంగికి మిగిలేది 2 రోజులే. పట్టికలో ఎదురెదురుగా రెండు ఆరులు రాసి ఊరుకుంటే ఈ సంగతి కనబడదు, బాణాల వెంట వేలు పెట్టి నడిస్తేనే తెలుస్తుంది.

వడ్రంగి 15 రోజులన్న మాట కూడా సూటిగా వచ్చింది కాదు. అంతా సవ్యంగా జరిగితే 12, మామూలుగా 14, అన్నీ అడ్డం తిరిగితే 22 అన్నాడనుకోండి. పర్ట్ మధ్య అంకెను నాలుగింతలు చేసి మిగతా రెండింటితో కలుపుతుంది, మొత్తం 90ని ఆరుతో భాగిస్తుంది. వచ్చే 15 సగటు మాత్రమే. నిజంగానే 22 పట్టిందా, కలప సకాలంలో వచ్చినా తలుపులు 25కు గానీ రావు. అప్పుడు ఇల్లు ముగిసేది 27కు. ఇరుకు దారి వడ్రంగి వైపు మారిపోతుంది, స్లాబు వైపు వాళ్ళకు ఒక రోజు వెసులుబాటు దొరుకుతుంది. పటంలో ఒక్క గీత కూడా మారదు. అందుకే ఒక అంకె మారినప్పుడల్లా రెండు నడకలూ మళ్ళీ మొదటి నుంచి నడవాలి.