డాలరు గుర్తు మరిచిన గ్రేడు షీటు

ఇంజనీరింగ్ మొదటి ఏడాది కుర్రాడికి లెక్కల్లో 6 గ్రేడ్ పాయింట్లు, ఫిజిక్సులో 7, ప్రోగ్రామింగులో 8, ఇంగ్లీషులో 9 వచ్చాయి. రెండు ల్యాబుల్లోనూ పదికి పది. ఇంట్లో ఆరింటినీ కూడి ఆరుతో భాగిస్తే 8.33 తేలింది. మెమోలో మాత్రం 7.75 ఉంది. ఎక్కడో కోత పడిందని వాళ్ల అనుమానం.

కోతేమీ లేదు. లెక్కలకూ ఫిజిక్సుకూ చెరి 4 క్రెడిట్లు, ప్రోగ్రామింగుకు 3, ఇంగ్లీషుకు 2, ఒక్కో ల్యాబుకు 1.5. మొత్తం 16. ప్రతి గ్రేడ్ పాయింటునూ దాని క్రెడిట్లతో హెచ్చవేసి కూడితే 124 వస్తుంది. 16తో భాగిస్తే 7.75. పదులు వచ్చిన ల్యాబులు చిన్నవి, ఆరు వచ్చిన లెక్కలు పెద్దవి.

అరవై మంది ఉన్న క్లాసుకు ఇదంతా చేతితో ఎవరూ వెయ్యరు. ఎక్సెల్‌లో రెండో వరుసలో క్రెడిట్లు పెట్టి, మూడో వరుస నుంచి విద్యార్థుల పాయింట్లు నింపి, మొదటి కుర్రాడి పక్కన ఈ సూత్రం రాసి కిందికి లాగుతారు:

```
=SUMPRODUCT($B$2:$G$2,B3:G3)/SUM($B$2:$G$2)
```

ఇందులో డాలరు గుర్తులే ప్రాణం. అవి లేకుండా లాగితే క్రెడిట్ల వరుస కూడా ఒక మెట్టు దిగుతుంది. అప్పుడు రెండో విద్యార్థి పాయింట్లకు మొదటివాడి పాయింట్లే క్రెడిట్లవుతాయి! షీటు కిక్కురుమనదు. వచ్చేవి మళ్లీ ఏడులూ ఎనిమిదులే కాబట్టి చూసేవారికీ అనుమానం రాదు.

అందరూ చేసే పరీక్ష ఒకటుంది: ఒక వరుసలో అన్నీ పదులు పెట్టి, జవాబు పది వచ్చిందా అని చూడటం. ఇక్కడ అది పనికిరాదు. బరువులు ఏవైనా పదుల సగటు పదే కదా. దానికి బదులు రెండో విద్యార్థి వరుసలో లెక్కలకు 10, మిగతావాటికి సున్నాలు పెట్టి చూడాలి. 40ని 16తో భాగిస్తే 2.5 రావాలి. మొదటి విద్యార్థి మన కుర్రాడే అయితే డాలర్లు లేని షీటులో 1.2 వస్తుంది, దొంగ దొరికిపోతాడు.

ఇంకా రాని మార్కులది మరో తంటా. ఫిజిక్సు గడి ఖాళీగా ఉంటే సూత్రం దాన్ని సున్నాగా తీసుకుంటుంది, క్రెడిట్లు నాలుగూ హారంలో అలాగే ఉంటాయి. 7.75 కాస్తా 6కి పడిపోతుంది. ఆరు గడులూ నిండేదాకా జవాబే చూపకుండా ఆపడం మేలు:

```
=IF(COUNT(B3:G3)<6,"",SUMPRODUCT($B$2:$G$2,B3:G3)/SUM($B$2:$G$2))
```

`COUNT` అంకెలనే లెక్కపెడుతుంది. అందుకని పరీక్షకు రానివారికి `Ab` అని కాకుండా 0 అని కొట్టాలి. యూజీసీ పది పాయింట్ల పద్ధతిలో గైర్హాజరుకు విలువ ఎలాగూ సున్నాయే.