33 ఓమ్‌ల పనితనం

సర్క్యూట్ బోర్డు గీసేవారి నేర్పు చూడాలంటే క్లాక్ చిప్ కాలు పక్కనే కూర్చున్న చిన్న రెసిస్టర్‌ను చూడాలి.

15 సెంటీమీటర్ల రాగి గీత చివరికి సిగ్నల్ చేరడానికి సుమారు 1 నానోసెకను పడుతుంది. క్లాక్ అరనానోసెకనులోనే 3.3 వోల్టులకు లేస్తే, ఆ గీత మామూలు తీగలా ప్రవర్తించదు. అల బయలుదేరేటప్పుడు చివర ఏముందో దానికి తెలియదు; గీత వెడల్పు, కింది గ్రౌండ్ పొర దూరం నిర్ణయించే 50 ఓమ్‌ల ఇంపెడెన్సే దానికి ఎదురవుతుంది.

చిప్ లోపలి నిరోధం 17 ఓమ్‌లనుకుందాం. అప్పుడు గీతలోకి 2.46 వోల్టులు దిగుతాయి. అవతలి చిప్ దాదాపు కరెంటే తీసుకోదు కాబట్టి అల వెనక్కి తిరిగి, అక్కడ లెక్కకు 4.9 వోల్టులు కనిపిస్తాయి. 2 నానోసెకన్ల తర్వాత అదే 2.5కు పడిపోతుంది. ఆసిలోస్కోప్‌లో ఈ ఊగిసలాట స్పష్టంగా తెలుస్తుంది.

గీత మొదట్లో 33 ఓమ్‌ల రెసిస్టర్ చేర్చితే మొత్తం 50 అవుతుంది. 1.65 వోల్టుల అల వెళ్లి, చివర రెట్టింపై సరిగ్గా 3.3 అవుతుంది, తిరిగొచ్చిన అల మొదట్లోనే ఇంకిపోతుంది. చివర 50 ఓమ్‌లు గ్రౌండ్‌కు కలిపినా ప్రతిధ్వని ఆగుతుంది గానీ, హై స్థితిలో ఉన్నంతసేపూ దాదాపు 50 మిల్లీఆంపులు వృథా అవుతాయి.

అయితే మొదట్లో పెట్టే రెసిస్టర్‌కూ ఒక హద్దుంది. గీత మధ్యలో మరో చిప్ తగిలిస్తే, అల తిరిగొచ్చేదాకా అది సగం వోల్టేజీ దగ్గరే తచ్చాడుతుంది. అందుకే పనితెలిసినవారు క్లాక్ నుంచి ఒక్కో చిప్‌కూ ఒక్కో గీత, ఒక్కో రెసిస్టర్ ఇస్తారు.