మైగ్రేన్ వరుసలో అంకెలు

గర్భనిరోధక సాధనాల్లో ఎవరికి ఏది తగునో చెప్పడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పెద్ద పట్టిక తయారుచేసింది. మొదటి కూర్పు 1996లో, ఐదో కూర్పు 2015లో వచ్చాయి. అందులో ప్రతి జబ్బుకూ ఒక వరుస, ప్రతి సాధనానికీ ఒక గడి, గడిలో 1 నుంచి 4 వరకు ఒక అంకె ఉంటాయి. 1 అంటే ఏ అడ్డూ లేదు. 2 అంటే ముప్పుకన్నా మేలు ఎక్కువ, 3 అంటే మేలుకన్నా ముప్పు ఎక్కువ, 4 అంటే వాడనే వద్దు. ఈ పట్టిక పనితనం తెలియాలంటే మైగ్రేన్ దగ్గర ఆగి చూడాలి.

వట్టి తలనొప్పికీ మైగ్రేన్‌కీ మధ్య మొదటి గీత పడుతుంది. ‘ఆరా’ ఉన్న మైగ్రేన్‌కీ లేనిదానికీ మధ్య రెండోది. ఆరా లేకుండా 35 ఏళ్ల లోపు ఉంటే ఈస్ట్రోజెన్ కలిసిన బిళ్ళలు మొదలుపెట్టడానికి 2, వాడుతుండగా మైగ్రేన్ వస్తే కొనసాగించడానికి 3. బిళ్ళ మొదలయ్యాక పుట్టిన నొప్పిని వేరుగా తూచాలన్న జాగ్రత్త ఇందులో ఉంది. ఆరా ఉంటే వయసుతో పనిలేదు, మొదలుపెట్టడానికీ కొనసాగించడానికీ 4 ఒక్కటే.

ఇంత గట్టి అంకె ఎందుకో 2017లో ఐరోపా తలనొప్పి నిపుణుల సమాఖ్య కట్టిన లెక్క చెబుతుంది. 20-44 ఏళ్ల స్త్రీలలో మైగ్రేన్ గానీ హార్మోన్ సాధనం గానీ లేనివారికి రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతం ఏడాదికి లక్షకు సుమారు 2.5. ఆరా ఒక్కటే ఉంటే 5.9, హార్మోన్ సాధనం ఒక్కటే అయితే 6.3. రెండూ కలిస్తే 36.9. ఒకదానికొకటి కూడటం కాదు, హెచ్చవేసినదానికన్నా ఎక్కువే పెరిగింది. బిళ్ళలోని ఇథినైల్ ఈస్ట్రాడియోల్ కాలేయం చేత గడ్డకట్టే పదార్థాలను ఎక్కువగా తయారుచేయిస్తుంది. ఆరా వచ్చే మెదడుకు పక్షవాతం ముప్పు ముందే కొంత ఉంది. అయితే ఈ లెక్కల్లో చాలావరకు ఈస్ట్రోజెన్ మోతాదు ఎక్కువున్న పాత బిళ్ళల కాలంనాటివి. లక్షకు 37 అన్నా ఒక్కొక్కరికీ అది చిన్న ముప్పే. కానీ అంతే బాగా పనిచేసే వేరే సాధనాలున్నప్పుడు ఆ చిన్న ముప్పునైనా ఎందుకు మొయ్యాలి?

అంకె సరిగ్గా పడాలంటే ఆరాను సరిగ్గా గుర్తుపట్టాలి. మాలా-ఎన్ వాడుతున్న 31 ఏళ్ల స్త్రీ ఒకరు తలనొప్పితో వచ్చారనుకుందాం. “కళ్ళు మసకలు కమ్ముతాయా?” అని అడిగితే మైగ్రేన్ ఉన్నవాళ్లలో చాలామంది అవుననే అంటారు. వెలుతురు పడకపోవడం, చూపు మసకబారడం ఆరా కావు. “నొప్పికి ముందు ఏం కనబడుతుందో గీసి చూపించమ్మా” అనాలి. పేపరు చదువుతుంటే నడుమ రెండు అక్షరాలు మాయమయ్యాయనీ, ఆ చోట మొదలైన మెరిసే వంకర గీత కోటగోడ అంచులా ఎడమకు పెరుగుతూ పోయి 20 నిమిషాలకు తగ్గిందనీ, ఏ కన్ను మూసినా అది కనబడుతూనే ఉందనీ ఆమె చెబితే అది ఆరా. అది పుట్టేది కంటిలో కాదు, మెదడులో. మెల్లగా పాకడం, 5 నుంచి 60 నిమిషాలు ఉండటం దాని గుర్తులు. ఒక్కసారిగా చూపు పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఆరా అనుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మాలా-ఎన్‌ ఈస్ట్రోజెన్ కలిసిన బిళ్ళే కాబట్టి ఆమె దాన్ని ఆపేయాలి. అదే వరుసలో ప్రొజెస్టోజెన్ ఒక్కటే ఉండే బిళ్ళకు, అంతర ఇంజెక్షన్‌కు మొదలుపెట్టడానికి 2 ఉంది. వాడుతుండగా ఆరా వస్తే అదే 3 అవుతుంది. కాపర్-టికి 1. ఆమె అట్టలో 14వ బిళ్ళ వరకు తప్పకుండా వేసుకుని ఉంటే, మర్నాటి నుంచే 75 మైక్రోగ్రాముల డెసోజెస్ట్రెల్‌కు మారవచ్చు. 28 బిళ్ళలూ హార్మోన్ బిళ్ళలే, విరామం లేదు. అండం విడుదలను ఆపుతుంది కాబట్టి 12 గంటల వరకు ఆలస్యమైనా పనిచేస్తుంది. పాత ప్రొజెస్టోజెన్ బిళ్ళలకు 3 గంటలే గడువు. నెలసరి క్రమం తప్పడం దీని ఇబ్బంది, చాలామంది మానేసేది అందుకే.

పట్టికను అడ్డంగానే కాదు, నిలువునా చదవాలి. ఇదే స్త్రీకి మైగ్రేన్ రాకుండా టోపిరామేట్ రాశారనుకోండి. ఆ మందు హార్మోన్ బిళ్ళను బలహీనపరుస్తుంది, గర్భం వస్తే బిడ్డకు హాని చేస్తుంది. మందుల వరుసలో ప్రొజెస్టోజెన్ బిళ్ళ ఎదుట 3 ఉంది. అంటే మైగ్రేన్ వరుస దాటించిన బిళ్ళను మందుల వరుస ఆపేసింది. రెండు వరుసల్లోనూ 1గా నిలిచింది కాపర్-టి. ఆమెకు ముందే రక్తస్రావం ఎక్కువైతే అంతర ఇంజెక్షన్‌ ఉంది, దానికి మైగ్రేన్ వరుసలో 2, మందుల వరుసలో 1. ఏ వరుసా తనంతట తాను తీర్పు చెప్పదు. ఏ రెండు వరుసలు కలిపి చూడాలో తెలిసినవారి చేతిలోనే ఈ పట్టిక పని చేస్తుంది.