అటక నుంచి పోపులపెట్టె దాకా

తెలుగిళ్లలో ఏడాది సరుకు ఎండాకాలంలోనే ఇల్లు చేరేది. కొత్త చింతపండు, ఎండుమిర్చి ఉగాదికి అటూఇటూగా, ఆ వెనకే ఆవకాయ. అదంతా వంటచేసే మనిషి చేతికందేంత దూరంలో పట్టదు. అందుకే సరుకుకి మూడు మజిలీలు ఏర్పడ్డాయి: ఏడాదిది అటక మీద, నెలవారీది అలమరలో, పూటపూటకీ కావలసింది పొయ్యి పక్క పోపులపెట్టెలో. కిందికి దిగేకొద్దీ పరిమాణం తగ్గుతుంది. ఆవిరి, తడిచెయ్యి, వెలుతురు తగిలేది ఆ కొద్దిపాటి సరుకుకే. మిగతాది భద్రంగా ఉంటుంది.

ఆవకాయనే చూడండి. పెద్ద జాడీ బరువు కాబట్టి అటకెక్కదు, చీకటి మూలన పీట మీద ఉంటుంది. అందులోంచి వారానికి సరిపడా పొడి గరిటెతో చిన్న జాడీలోకి తీస్తారు. రోజూ మూత తీసేది చిన్నదానికే. తీశాక పెద్ద జాడీలో ముక్కలు నూనెలో మునిగి ఉన్నాయో లేదో చూడాలి. పైకి తేలిన ముక్క మీదే బూజు మొదలవుతుంది.

ఈ పద్ధతి చాలా ఇళ్లలో దెబ్బతినేది డబ్బాలు నింపేటప్పుడు. రవ్వ అడుగంటిందని కొత్త ప్యాకెట్ దానిమీదే పోసేస్తాం. అడుగున ఉన్న పాత రవ్వలో పురుగు గుడ్లుంటే కొత్తదంతా పాడైనట్టే. పాతది పళ్లెంలోకి వంపి, డబ్బా తుడిచి ఆరబెట్టి, కొత్తది అడుగున, పాతది పైన పోయాలి. వంపినప్పుడు రవ్వ సాలెగూడులా దారాలు పట్టి వేలాడిందంటే దాన్ని కొత్తదానితో కలపనే కూడదు. శనగపిండి అయితే కాస్త నాలిక మీద వేసుకుంటే చేదు తెలిసిపోతుంది. ప్యాకెట్ మీది గడువు తేదీ విప్పనంతవరకే నమ్మదగ్గది. అందుకే ఆ తేదీ ముక్కను కత్తిరించి, విప్పిన రోజు కూడా రాసి డబ్బాకి అంటించడం మేలు. పప్పులు ఎండలో పెడితే పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. వేడిమీద మూస్తే లోపల చెమర్చి బూజు పడుతుంది.

ఇప్పటి ఫ్లాట్లలో పొయ్యికి సరిగ్గా పైనుండే అరలో కారం, నూనె పెడుతున్నారు. నాకది బొత్తిగా నచ్చదు. వేడికి నూనె త్వరగా కంపు కొడుతుంది, ఆవిరికి కారం గడ్డ కడుతుంది. ఆ అర గరిటెలకీ గిన్నెలకీ వదిలేయాలి.

ఇక ఎత్తు సంగతి. నడుము నుంచి కళ్ల దాకా ఉన్న అరలు రోజువారీ పప్పు, ఉప్పు, కాఫీపొడివి. బియ్యం, నూనె డబ్బా కింద, గోడకి ఆనకుండా పీట మీద. తలపైన అప్పడాలు, వడియాల్లాంటి తేలికవే. గాజు సీసాలు వద్దు. ఈ కొలత వడ్రంగిది కాదు, వండే మనిషిది. అత్తగారికి చెయ్యి పైకెత్తితే భుజం నొప్పయితే, ఆవిడ రోజూ తీసే కాఫీపొడి డబ్బా కోడలికి అందే అరలో కాదు, ఆవిడకి అందే అరలో ఉండాలి.