లేబుల్ మీద లేని పేరు

ఈ వారం కరామాలోని ఓ దుకాణంలో మన కుర్రాడొకడు ఫ్యాట్ బర్నర్ డబ్బాను వెనక్కి తిప్పి, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని ఒక్కో పేరూ చదువుతున్నాడు. "నిషేధించినవేవీ లేవన్నా, అన్నీ సరిచూశా" అన్నాడు. వెనక ఏం రాశారో చదవందే ఏదీ కొనొద్దన్నది ఈ కాలమ్‌లో నా పాత పాటే కదా, ముచ్చటేసింది. డోప్ పరీక్షలుండే స్థాయిలో క్రికెట్ ఆడతాడని తెలిశాక మాత్రం భయమేసింది.

ఇదే దుబాయ్‌లో 2017 జనవరి 17న అఫ్ఘానిస్తాన్ వికెట్‌కీపర్ మహ్మద్ షెహజాద్ నుంచి ఐసీసీ మూత్రం నమూనా తీసుకుంది. అందులో క్లెన్‌బ్యుటెరాల్ బయటపడింది. బరువు తగ్గడానికి వాడిన సప్లిమెంట్‌ ద్వారా అది ఒంట్లోకి చేరిందని, కావాలని తీసుకోలేదని ఐసీసీ కూడా ఒప్పుకుంది. అయినా 12 నెలల నిషేధం తప్పలేదు. ఒంట్లో దొరికితే తప్పు జరిగినట్టే. ఎలా వచ్చిందన్నది శిక్ష తగ్గించడానికే పనికొస్తుంది.

ఎంత కలిస్తే పట్టుబడతారు? కిలో డబ్బాలో ఒక్క మిల్లీగ్రాము కలిసిందనుకోండి. 30 గ్రాముల స్కూపులో 30 మైక్రోగ్రాములు వస్తుంది. కొన్ని దేశాల్లో ఆస్తమాకిచ్చే క్లెన్‌బ్యుటెరాల్ మాత్రలో ఉండేది 20 మైక్రోగ్రాములే! ల్యాబ్ అయితే మిల్లీలీటరు మూత్రంలో ఒక నానోగ్రాము కన్నా తక్కువున్నా పట్టేస్తుంది.

ఆ మిల్లీగ్రాము కలిసిందని తయారీదారుకే తెలియకపోవచ్చు. అంతకుముందు వేరే సరుకు కలిపిన మిక్సర్‌ను సరిగ్గా కడగకపోయినా చాలు, బయట కొన్న ముడిపొడిలోనే ఉన్నా చాలు. "పని చేస్తోంది" అనిపించుకోవడానికి కావాలనే కలిపేవాళ్లూ ఉన్నారు. 2000-2001లో కొలోన్ ల్యాబ్ 13 దేశాల్లో కొన్న 634 సప్లిమెంట్లను పరీక్షిస్తే, 94 డబ్బాల్లో లేబుల్ మీద లేని హార్మోన్ సంబంధిత పదార్థాలు దొరికాయి.

అందుకే దుకాణంలోని ఆ కుర్రాడికి లేబుల్ వదిలేసి బ్యాచ్ నంబర్ చూడమన్నాను. దుబాయ్ మునిసిపాలిటీ 'మోంతాజీ'లో సరుకు రిజిస్టరైందో లేదో చూసుకోవడం మంచిదే. కానీ రిజిస్టరైనంత మాత్రాన నీ చేతిలో ఉన్న డబ్బాలో నిషిద్ధ పదార్థాల కోసం వెతికినట్టు కాదు. 'ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్' లాంటి సంస్థలు బ్యాచ్‌ల వారీగా పరీక్షిస్తాయి. వాళ్ల వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కనిపిస్తే సరిపోదు, డబ్బా మీదున్న బ్యాచ్ నంబరే అక్కడ కనిపించాలి. కనిపిస్తే ఫోటో తీసుకోవాలి, రసీదు దాచాలి, అదే బ్యాచ్‌వి రెండు కొని ఒకటి సీలు విప్పకుండా ఉంచాలి. రేపు విచారణ జరిగితే, విప్పిన డబ్బాలో తర్వాత కలిపావేమో అని అడిగినప్పుడు అదే అక్కరకొస్తుంది.

ఇంత చేసినా ల్యాబ్ వెతకని పదార్థం ల్యాబ్‌కు దొరకదు. ప్రొటీన్ పొడి వరకైతే ఈ శ్రమకు అర్థముంది. ఫ్యాట్ బర్నర్ మాత్రం, ఏ ముద్ర ఉన్నా సరే, డోప్ పరీక్షలుండే ఆటగాడు కొనకూడదనే వాడికి చెప్పాను. రెండు కిలోలు తగ్గడానికి అన్నం తగ్గించుకుంటే చాలు.