లోపలి మూలలో తేలే విలువ

ఖరీదైన స్విస్ వాచీని వెనక్కి తిప్పితే గాజు కింద మూవ్‌మెంట్ తళతళలాడుతూ కనిపిస్తుంది. ఆ తళుకు వల్ల వాచీ టైము సెకను కూడా మెరుగుపడదు. అయినా ధర మాత్రం అమాంతం పెరుగుతుంది. ఎందుకో తెలియాలంటే ఆ తళుకు ఎలా వచ్చిందో చూడాలి.

మూవ్‌మెంట్‌కు ఆధారమైన పలక మీద చేప పొలుసుల్లా ఒకదానిపై ఒకటి ఎక్కిన చిన్న వలయాలుంటాయి. అదే పెర్లాజ్. గిర్రున తిరిగే సన్నని కడ్డీ కొసను, అరగదీసే పదార్థంతో, పలకకు ఒక్క క్షణం తాకించి తీస్తారు. పలకను కాస్త జరిపి మళ్లీ తాకిస్తారు. ఎడం ఎక్కడా మారకూడదు. ఇందులో ఎక్కువ భాగం డయల్ కిందే దాగిపోతుంది.

పైనుండే బ్రిడ్జిల మీద కనిపించేవి జెనీవా చారలు. తిరిగే సాధనం కింద బ్రిడ్జిని తిన్నగా నడిపి ఒక్కో చార వేస్తారు. ఒక బ్రిడ్జి మీద ఆగిన చార పక్క బ్రిడ్జి మీద అదే గీతలో కొనసాగితే పని శ్రద్ధగా జరిగినట్టు.

ఈ రెండింటినీ యంత్రం చాలావరకు అనుకరించగలదు. దానికి పూర్తిగా లొంగనిది అంచు చెక్కుడు, అంటే ఆంగ్లాజ్. బ్రిడ్జి పైభాగం, పక్కగోడ కలిసేచోట అంచును సుమారు 45 డిగ్రీల వాలుగా ఆకురాయితో చెక్కుతారు. తర్వాత సన్నని రాళ్లతో గీతలు పోగొట్టి, చివరగా జెన్షియన్ మొక్క కాండానికి వజ్రపు పొడి ముద్ద పూసి రుద్దుతారు. కాస్త ఎక్కువ రుద్దినా అంచు గుండ్రబడుతుంది.

రెండు వాలులు లోపలివైపు కలిసే మూల దగ్గరే అసలు పరీక్ష. తిరిగే కట్టర్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి అది వదిలిన మూల కూడా గుండ్రంగానే మిగులుతుంది. దాన్ని కత్తిగీతలా పదునుగా తేల్చాలంటే చెయ్యి పడాల్సిందే.

స్విట్జర్లాండ్‌లోని జూ లోయలో ఫిలిప్ డ్యుఫోర్ చేసిన సింప్లిసిటీ వాచీ గంటలు, నిమిషాలు, సెకన్లు తప్ప ఇంకేమీ చూపదు. అలాంటి వాచీ ఒకటి 2020లో జెనీవా వేలంలో 13 లక్షల స్విస్ ఫ్రాంకులు దాటింది. తయారీదారు పేరు, అరుదుదనం ఆ ధరలో ఉన్నాయి. కానీ ఆ పేరు వచ్చిందే ఇలాంటి పనితనం వల్ల.

ఈ విలువ సులువుగా పోతుంది కూడా. రిపేరులో స్క్రూడ్రైవర్ జారి చార మీద గీత పడితే, దాన్ని పాలిష్‌తో మాయం చేయబోతే చారే చెరిగిపోతుంది.

కొనేముందు పది రెట్ల భూతద్దంతో చూడండి. వాచీని వెలుతురులో వంచితే వాలు ఈ కొస నుంచి ఆ కొసకు ఒకేలా మెరవాలి. ఆ మెరుపు అలల్లా చెదిరితే వాలు సమంగా లేనట్టే. లోపలి మూల గుండ్రంగా ఉంటే, చేతిపని అని చెప్పి అడిగే అదనపు ధర ఇవ్వకండి.